టి-విభాజనపు తోకలు బరువైనవి ఎందుకు? హుజూర్‌నగర్ వరి క్షేత్ర పరిశీలన ఆధారంగా ఒక వివరణ

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని హుజూర్‌నగర్ ప్రాంతం, పూర్వపు నల్లగొండ జిల్లాలోనూ నేటి సూర్యాపేట జిల్లాలోనూ, ప్రధానంగా వరి పండించే ప్రాంతం. వరికి ముందు జీలుగు వేసి పూత దశలో కలియదున్నితే దిగుబడి ఎంత పెరుగుతుందో రైతుల పొలాల్లోనే తెలుసుకోదలచిన ఒక విస్తరణ శాస్త్రవేత్తను ఊహించుకుందాం. ఐదుగురు రైతులను ఎన్నుకొని, ప్రతి పొలాన్ని రెండు భాగాలుగా చేసి, ఒక భాగంలో జీలుగు వేయించి, రెండవ దానిని వదిలివేసి, రెండింటిలోనూ ఒకే రకం వరిని ఒకే రోజున నాటించారు. కోతల తరువాత జీలుగు వేసిన భాగపు దిగుబడి నుండి వేయని భాగపు దిగుబడిని తీసివేయగా హెక్టారుకు క్వింటాళ్లలో వచ్చిన తేడాలు ఇవి అనుకుందాం: 6, 1, 4, −1, 5. ఇవి వివరణ కోసం తీసుకున్న అంకెలు మాత్రమే.

ఈ ఐదింటి సగటు 3 క్వింటాళ్లు. సగటు నుండి విచలనాల వర్గాల మొత్తం 34. దానిని 4తో భాగిస్తే విస్తృతి 8.5, క్రమవిచలనం 2.92. సగటు యొక్క ప్రామాణిక దోషం 2.92ను √5తో భాగించగా 1.30. సగటును ప్రామాణిక దోషంతో భాగిస్తే 2.30 వస్తుంది.

ఇప్పుడు ప్రశ్న ఏమిటంటే, ఈ 2.30ను దేనితో పోల్చాలి? సామాన్య విభాజనం ప్రకారం 5 శాతం సార్థకతా స్థాయికి హద్దు 1.96. ఆ లెక్కన జీలుగు ఫలితం సార్థకమే. యాదృచ్ఛికంగా ఇంత తేడా రావడానికి సంభావ్యత 2 శాతం మాత్రమే అని తేలుతుంది. టి-పట్టికలో 4 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ వద్ద హద్దు 2.776. ఆ లెక్కన ఫలితం సార్థకం కాదు, సంభావ్యత 8.3 శాతం. మొదటి లెక్క ప్రకారం నిజమైన పెరుగుదల 0.4 నుండి 5.6 క్వింటాళ్ల మధ్య ఉంటుందనీ, రెండవ లెక్క ప్రకారం −0.6 నుండి 6.6 మధ్య ఉంటుందనీ చెప్పవలసి వస్తుంది. అంకెలు అవే, పొలాలు అవే. అయినా ఒక లెక్క సిఫారసు చేయమంటున్నది, మరొకటి ఆగమంటున్నది. విత్తనానికీ, దుక్కికీ ఖర్చు పెట్టవలసింది రైతే గనుక ఈ రెండింటిలో ఏది సరైనదో తెలియడం అవసరం.

సరైనది రెండవదే. కారణం సూత్రంలోని హారంలో ఉన్నది.

t = (x̄ − μ) / (s / √n)

ఇక్కడ x̄ ప్రతిరూపపు సగటు, μ సమష్టి సగటు, n ప్రతిరూప పరిమాణం, s ప్రతిరూపం నుండి లెక్కించిన క్రమవిచలనం. సమష్టి యొక్క అసలు క్రమవిచలనం σ తెలిసి, దానినే హారంలో ఉంచగలిగితే ఈ నిష్పత్తి కచ్చితంగా సామాన్య విభాజనాన్నే అనుసరించేది. అప్పుడు మారేది లవం ఒక్కటే. కాని హుజూర్‌నగర్ చుట్టుపక్కల పొలాలన్నింటిలో ఈ తేడాల అసలు క్రమవిచలనం ఎవరికీ తెలియదు. 2.92 అనేది ఐదు అంకెల నుండి వచ్చిన అంచనా. వేరే ఐదుగురు రైతులను ఎన్నుకొని ఉంటే అది మరొకటి అయ్యేది. అంటే టి-నిష్పత్తిలో లవమే కాదు, హారం కూడా యాదృచ్ఛికంగా మారుతుంటుంది.

హారం ఎంతగా మారుతుందో కై-వర్గ విభాజనం చెబుతుంది. సమష్టి సామాన్యమైనదైతే, ఐదు పరిశీలనల ప్రతిరూపాలలో నూటికి 59 సార్లు s విలువ అసలు σ కన్నా తక్కువగానే వస్తుంది. నూటికి 9 సార్లు అది σలో సగం కన్నా కూడా తక్కువగా ఉంటుంది. ఆ 9 సందర్భాలను ఊహించి చూస్తే తోకల రహస్యం బోధపడుతుంది. ఐదుగురి పొలాలూ యాదృచ్ఛికంగా ఒకేలా స్పందించాయి. తేడాల మధ్య వైవిధ్యం అసలున్న దానిలో సగం కూడా కనబడలేదు. సగటు మామూలుగానే ఉన్నది, కాని హారం సగానికి పడిపోయినందున నిష్పత్తి రెట్టింపు దాటింది. అసలు σతో లెక్కిస్తే 1.4 మాత్రమే రావలసిన విలువ 2.8 దాటి కూర్చుంటుంది. సామాన్య విభాజనంలో అరుదుగా కనబడే పెద్ద విలువలు ఈ విధంగా తరచుగా తయారవుతాయి.

దీనికి ఎదురు సందర్భమూ లేకపోలేదు. కొన్నిసార్లు s పెద్దదై నిష్పత్తిని కేంద్రం వైపు లాగుతుంది. కాని ఈ రెండూ ఒకదానినొకటి రద్దు చేసుకోవు. సున్నా దగ్గరి విలువను ఇంకొంత కుదించినందువల్ల దూరాన ఉన్న తోకకు ఒరిగేది ఏమీ లేదు. హారం చిన్నదైనపుడు మాత్రం విలువ ఎంత దూరమైనా పోగలదు. నిజానికి s ఫలానా విలువ తీసుకున్నదని స్థిరపరిస్తే నిష్పత్తి సామాన్య విభాజనమే, దాని వెడల్పు మాత్రం σ/s. కనుక టి-విభాజనం అంటే వేర్వేరు వెడల్పులు గల అనేక సామాన్య వక్రాల మిశ్రమం. అందులో తోకలను నిర్ణయించేవి వెడల్పాటి వక్రాలే. ఈ మిశ్రమంలో కేంద్రం వద్ద ఎత్తు కూడా తగ్గుతుంది. ఐదు పరిశీలనలకు s సగటున σలో 0.940 వంతు. సామాన్య వక్రపు శిఖరం 0.399. ఈ రెండింటి లబ్ధం 0.375, సరిగ్గా 4 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ గల టి-వక్రపు శిఖరం అదే. శిఖరం నుండి తగ్గిన వైశాల్యం తోకలలోకి చేరింది.

విద్యార్థులలో తరచుగా కనబడే ఒక పొరపాటును ఇక్కడే ప్రస్తావించాలి. దిగుబడులలో అసాధారణ విలువలు ఉంటాయి కాబట్టి టి-విభాజనపు తోకలు బరువెక్కాయని పలువురు భావిస్తారు. అది సరికాదు. పరిశీలనలు కచ్చితంగా సామాన్య విభాజనానికి చెందినవే అయినా తోకలు ఇంతే బరువుగా ఉంటాయి. బరువు దత్తాంశానిది కాదు, σను గురించిన మన అజ్ఞానానిది. అసాధారణ విలువ ఒకటి వస్తే సాధారణంగా s పెరిగి, టి-విలువ తగ్గడమే జరుగుతుంది.

ఈ అజ్ఞానాన్ని మొదట లెక్కలోకి తెచ్చినవాడు బీరు కర్మాగారపు ఉద్యోగి కావడం యాదృచ్ఛికం కాదు. విలియం సీలీ గోసెట్ 1899లో డబ్లిన్‌లోని గిన్నెస్ సంస్థలో చేరాడు. బార్లీ రకాలను, ముడిసరుకుల నాణ్యతను చిన్న చిన్న ప్రతిరూపాలతోనే తేల్చవలసి రావడం అతని సమస్య. 1908లో బయోమెట్రికా పత్రికలో 'స్టూడెంట్' అనే మారుపేరుతో తన పరిష్కారాన్ని ప్రకటించాడు. దానిని సరిచూడడానికి 3000 మంది నేరస్థుల శరీర కొలతలను అట్టముక్కల మీద రాసి, కలిపి, నాలుగేసి చొప్పున 750 ప్రతిరూపాలుగా విడదీసి, ప్రతిదానికీ నిష్పత్తి లెక్కించాడు. గోసెట్ సూత్రాన్ని నేటి టి-రూపంలోకి, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ భావనతో సహా, తెచ్చినవాడు ఫిషర్.

తోకల బరువు సాంద్రతా ప్రమేయంలో ఇలా కనబడుతుంది. ν డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఉన్నపుడు వక్రపు ఎత్తు

(1 + t²/ν)^(−(ν+1)/2)

అనే రాశికి అనులోమంగా ఉంటుంది. సామాన్య వక్రంలో దీని స్థానంలో e^(−t²/2) ఉంటుంది. విలువ 3 నుండి 6కు జరిగితే సామాన్య వక్రపు ఎత్తు 7 లక్షల వంతుకు పైగా పడిపోతుంది. ν = 4 అయినపుడు టి-వక్రపు ఎత్తు సుమారు 17వ వంతుకు మాత్రమే తగ్గుతుంది. ఒకటి కొండచరియలా కూలుతుంది, మరొకటి మెట్టభూమిలా మెల్లగా వాలుతుంది. ఫలితంగా ±3కు ఆవల సామాన్య విభాజనంలో 0.27 శాతం ఉంటే, ఇక్కడ 4 శాతం ఉంటుంది. ±1.96కు ఆవల 5 శాతానికి బదులు 12 శాతం ఉంటుంది. ఏ ప్రభావమూ లేని పద్ధతులను ఐదుగురి పొలాల్లో పరీక్షించి 1.96ను హద్దుగా వాడితే, నూటికి ఐదు కాక పన్నెండు 'సార్థకం' అని తేలుతాయన్నమాట.

ν పెరిగేకొద్దీ ఇదే ప్రమేయం e^(−t²/2) వైపు జరుగుతుంది. (1 + x/n)^n విలువ n పెరిగేకొద్దీ e^xను చేరుతుందన్న పరిచిత అవధియే ఇందుకు ఆధారం. అయితే దాని వెనుక ఉన్న భౌతిక కారణం మరింత సరళం. ప్రతిరూపం పెరిగితే s స్థిరపడుతుంది. దాని సాపేక్ష విచలనం సుమారు 1/√(2ν). ఐదుగురు రైతులున్నపుడు ఇది దాదాపు 35 శాతం, ముప్పై మంది ఉంటే 13 శాతం, 121 మంది ఉంటే 6.5 శాతం. ముప్పై మందితో s విలువ σలో సగానికి పడిపోవడం వెయ్యిలో ఒకసారి కూడా జరగదు. పెద్ద తోకలను పుట్టించే చిన్న హారాలే లేనపుడు మిశ్రమంలోని వక్రాలన్నీ దాదాపు ఒకే వెడల్పుకు వస్తాయి, టి-విభాజనం సామాన్యమైపోతుంది. పట్టికలోని హద్దు 4 వద్ద 2.776, 9 వద్ద 2.262, 14 వద్ద 2.145, 29 వద్ద 2.045, 120 వద్ద 1.980 అని దిగుతూ 1.960ను సమీపిస్తుంది. ఎక్కువ దిగుదల మొదటి కొద్దిమంది రైతులతోనే జరిగిపోతుందని గమనించాలి. పై ఉదాహరణలోనే సగటు, క్రమవిచలనం మారకుండా రైతులు పదిహేను మంది అయి ఉంటే అంతరం 1.4 నుండి 4.6 క్వింటాళ్లకు కుదించుకుపోయేది.

ముప్పై దాటితే సామాన్య విభాజనం వాడవచ్చునన్న వాడుక సూత్రం 5 శాతపు హద్దు వరకే చెల్లుతుంది. సామీప్యం కేంద్రంలో త్వరగా, దూరపు తోకలలో ఆలస్యంగా వస్తుంది. ±5కు ఆవల పడే సంభావ్యత సామాన్య విభాజనంలో 17 లక్షలకు ఒకటి, ν = 29 వద్ద సుమారు 40 వేలకు ఒకటి. వందలాది వరి వంగడాలను ఒకేసారి పోల్చి అతి చిన్న సంభావ్యతల ఆధారంగా ఎంపిక చేసేవారికి ఈ తేడా చిన్నది కాదు. కంప్యూటర్ ఉన్నపుడు ఉజ్జాయింపు అవసరమూ లేదు. ఆర్ భాషలో

```
d <- c(6, 1, 4, -1, 5)
t.test(d)
2*pt(-1.96, df = 4)
```

అని రాస్తే మొదటి లెక్కలో 0.083, రెండవ దానిలో 0.12 వస్తాయి.

కాని ఆ కంప్యూటరే మోసపోయే సందర్భం ఒకటుంది. ఐదు పొలాల్లో ఒక్కొక్క దానిలో ఆరు చోట్ల పంటకోత కొలతలు తీసి, ముప్పై తేడాలనూ కలిపి ఇస్తే అది డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 29 అని చూపి, 2.045ను హద్దుగా తీసుకుంటుంది. ఒకే పొలంలోని ఆరు కొలతలు ఒకే నీటిని, ఒకే నేలను, ఒకే యాజమాన్యాన్ని పంచుకుంటాయి. కాలువ తూము దగ్గరి పొలానికీ చివరి భూమికీ మధ్య ఉండే వైవిధ్యం వాటిలో కనబడదు. అసలు స్వతంత్ర పరిశీలనలు ఐదే గనుక ఆరేసి కొలతల సగటును తీసుకొని, ఐదు తేడాలతోనే పరీక్ష చేయాలి. ముద్రిత ఫలితంలో df అన్న చోట కనబడే అంకె రైతుల సంఖ్య కన్నా సరిగ్గా ఒకటి తక్కువగా ఉన్నదో లేదో చూస్తే ఈ పొరపాటు వెంటనే పట్టుబడుతుంది.