ఆఖరి గీటులో దాగిన అంకె

2003 జనవరి 24న హ్యూస్టన్‌లోని నాసా కేంద్రంలో ఒక గది కిక్కిరిసిపోయింది. చోటు చాలక కొందరు ఇంజినీర్లు నడవాలో నిలబడి విన్నారు. ఎనిమిది రోజుల క్రితం బయలుదేరిన కొలంబియా అంతరిక్షంలో ఉంది. అందులోని ఏడుగురిలో కల్పనా చావ్లా ఒకరు. పైకి లేచిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు మీది నురగ ముక్క ఒకటి ఊడి, ఎడమ రెక్కకు బలంగా తగిలింది. దెబ్బ ఎంత ప్రమాదకరమో లెక్కగట్టిన బృందం ఆ రోజు తన లెక్కలను స్లయిడ్లలో చూపించింది.

వాటిలో ఒక స్లయిడు తర్వాత చాలా ప్రసిద్ధమైంది. నష్టం అంచనాకు వాడిన ‘క్రేటర్’ అనే సాఫ్ట్‌వేర్ ప్రమాదాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తుందని దాని శీర్షిక సారాంశం. శీర్షిక ఒక్కటే చదివినవాళ్లు ‘భయం లేదన్నమాట’ అనుకుంటారు. దాని కింద చుక్క, ఉపచుక్క, దాని కింద గీటు, ఇలా మెట్లు దిగుతూ పోయే అక్షరాలు. ‘గణనీయం’ అన్న అర్థం వచ్చే మాట ఐదు చోట్ల ఉంది. అయితే ఎంత గణనీయమో తేలదు. అన్నిటికన్నా కింద, చివరి గీటు దగ్గర అసలు సంగతి: పరీక్షల్లో వాడిన ముక్క పరిమాణం 3 ఘనపు అంగుళాలు, తగిలిందనుకుంటున్నది 1,920.

అంటే 640 రెట్లు. మన కొలతల్లో, పరీక్షించింది అర గ్లాసు టీ అంత. తగిలింది రెండు పెద్ద బిందెల నీళ్లంత. చిన్న ముక్కలతో తయారుచేసిన లెక్క ఇంత పెద్ద ముక్కకు పనికొస్తుందా అన్నది ఎవరికైనా తట్టే ప్రశ్న. శీర్షిక ఆ ప్రశ్న పుట్టనివ్వలేదు.

ఎదుట కూర్చున్న నిర్వాహకులు చదువురాని వాళ్లేమీ కాదు. కానీ క్రేటర్ లెక్కల విషయంలో వాళ్లూ బయటివాళ్లే. బ్యాంకు ఛైర్మన్‌కు లెక్కలు రావని కాదు, విశ్లేషకుడు వాడిన నమూనా లోగుట్టు ఆయనకు తెలియదు. అది వివరిస్తూ కూర్చోవడం దండగ. ఆ నమూనాను ఎంతవరకు నమ్మవచ్చో చెబితే చాలు.

ఇప్పుడు ఆ స్లయిడును తిరగరాద్దాం. శీర్షిక ఇలా ఉండాలి: ‘తగిలిన ముక్క, మేం పరీక్షించిన వాటికంటే 640 రెట్లు పెద్దది; రెక్క సురక్షితమని ఈ లెక్కతో చెప్పలేం.’ దాని కింద రెండు కడ్డీల బొమ్మ ఒకటి చాలు. 3కి గీసిన కడ్డీ కంటికి ఆనదు, 1,920కి గీసింది కాగితమంతా ఆక్రమిస్తుంది. బొమ్మ కింద ఒకే వాక్యం: రెక్కలో పలకలకు చిల్లుపడే అవకాశాన్ని క్రేటర్ సూచించింది, అది అతిగా చెబుతోందని మా ఊహ, అయితే ఇంత పెద్ద ముక్కతో దాన్ని సరిచూడలేదు. ఇక్కడ అనిశ్చితి క్షమాపణలా చివర్లో రాలేదు, సందేశమే అదైంది.

ఆ తర్వాత సిఫారసు: ‘సైన్యం కెమెరాలతో రెక్క ఫొటోలు తీయించండి. ఫలానా అధికారి ఈరోజే అడగాలి.’ ఎవరు, ఏం, ఎప్పటిలోగా అన్నవి మూడూ ఉంటే వినేవాళ్లకు మిగిలేది అవును, కాదు అనే రెండే జవాబులు. ‘ఇంకా విశ్లేషణ అవసరం’ అన్న వాక్యానికి ఎవరైనా తలూపేస్తారు, దానివల్ల ఎవరి మీదా పని పడదు.

ఫొటోల కోసం ఇంజినీర్లు నిజంగానే అడిగారు. ఆ విన్నపం జనవరి 22నే ఆగిపోయింది. ఫొటోలు తప్పనిసరి అనడానికి ఆధారం ఏదని పైవాళ్లు అడిగారు. ఆ ఆధారం ఫొటోల్లోనే దొరకాలి. ఇలాంటి చిక్కుముడిని మంచి స్లయిడు ఒక్కటే విప్పుతుందనుకోవడం అత్యాశే. పైగా అది రెక్క పలకల గురించిన స్లయిడు. చిల్లు పడింది రెక్క ముందంచున ఉండే కార్బన్ కవచానికి.

ఫిబ్రవరి 1న, దిగడానికి పావుగంట ముందు, టెక్సాస్ ఆకాశంలో కొలంబియా ముక్కలైంది. జూలైలో శాన్ ఆంటోనియోలో దర్యాప్తు బృందం అలాంటి నురగ ముక్కనే తుపాకీతో ఆ కవచం మీదికి పేల్చింది. సుమారు అడుగున్నర వెడల్పు రంధ్రం పడింది.

ఆగస్టులో వెలువడిన నివేదికలో ఈ స్లయిడుకు ఒక పేజీ కేటాయించారు. అదే పేజీలో దర్యాప్తు సభ్యులు తమ ఆశ్చర్యాన్నీ నమోదు చేశారు: సాంకేతిక నివేదికలు ఇవ్వమని అడిగితే నాసా అధికారులు వాళ్లకు కూడా చాలాసార్లు ఇలాంటి స్లయిడ్లే తెచ్చిచ్చారు.