కొరికితే వాదన, కాలితే చెల్లింపు

పోయిన ఏడాది మా కారు పది రోజులు సెల్లార్‌లో కదలకుండా ఉంది. ఊరి నుంచి వచ్చి తాళం తిప్పితే బండి స్టార్టయింది గానీ ఇంజన్ లైటు ఆరలేదు, ఏసీ గాలి రాలేదు. షెడ్డు కుర్రాడు వచ్చి బానెట్ ఎత్తాడు. బ్యాటరీ పక్కన ఎండిపోయిన చపాతీ ముక్క, కొబ్బరి చిప్ప పెంకు, బానెట్ లోపలి స్పాంజి పీకి కట్టుకున్న మెత్తటి గూడు. దాని కింద నాలుగైదు వైర్లు తోలు ఒలిచినట్టు రాగి బయటపడి ఉన్నాయి. "అద్దె కట్టకుండా కాపురం పెట్టింది సార్" అని నవ్వాడు.

ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేస్తే "ఎలుక కొరికితే క్లెయిమ్ రాదండీ" అన్నారు. రెండు రోజుల తర్వాత వచ్చిన సర్వేయర్ మాత్రం "ఎందుకు రాదు, వస్తుంది" అన్నాడు. ఇద్దరిలో ఎవరు చెప్పింది నిజమో తేల్చుకుందామని పాలసీ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. వింతేమిటంటే, అందులో ఎలుక అన్న మాటే ఎక్కడా లేదు.

ముందు ఎలుక సంగతి. దాని ముందు పళ్లు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ఏదో ఒకటి కొరికి అరగదీసుకోకపోతే నోరు మూతపడదు. ఆపిన ఇంజన్ గంటల తరబడి వెచ్చగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది. వైరు పైతొడుగు పంటికి సరిపోయినంత మెత్తన. ఈమధ్య కార్ల వైర్ల తొడుగులో సోయా నూనెతో చేసిన పదార్థం వాడుతున్నారని, ఎలుకలు దానికోసమే వస్తున్నాయని అమెరికాలో కొందరు కార్ల యజమానులు కంపెనీల మీద కోర్టుకెక్కారు. నాకు మాత్రం ఆ వాదన మీద పెద్ద నమ్మకం లేదు. సోయా తొడుగులు రాకముందు కూడా ఎలుకలు వైర్లు కొరికాయి, ఇళ్లలో పీవీసీ వైర్లను ఇప్పటికీ కొరుకుతున్నాయి. హోండా కంపెనీ అయితే వైర్ల చుట్టూ చుట్టడానికి మిరపకాయ ఘాటు పట్టించిన టేపు ఒకటి అమ్ముతోంది. గుంటూరు వాళ్లకు ముందే తట్టాల్సిన వ్యాపారం.

కొరికిన వైరు మంట ఎలా పెడుతుందన్నది చాలామందికి అర్థం కాని విషయం. కారు బ్యాటరీ పన్నెండు వోల్టులే కదా, ముట్టుకున్నా షాక్ కొట్టదు కదా అనుకుంటాం. షాక్ కొట్టదు నిజమే. కానీ సెల్ఫ్ మోటారు తిరగడానికి వంద ఆంపియర్లకు పైగా కరెంటు ఇచ్చేది ఆ బ్యాటరీయే. కారులో ఇనుప బాడీ మొత్తం బ్యాటరీ మైనస్‌కు కలిపి ఉంటుంది. అందువల్ల తొడుగు ఊడిన ప్లస్ వైరు బాడీకి ఎక్కడ తగిలినా షార్ట్ అయినట్టే. గట్టిగా తగిలితే ఫ్యూజు పోతుంది, బండి ఆగుతుంది, గొడవ అక్కడితో సరి. అసలు చిక్కు సగం సగం తగిలినప్పుడు వస్తుంది.

పదిహేను ఆంపియర్ల ఫ్యూజు ఉన్న లైనులో ఒక వైరు బాడీకి తగిలీ తగలనట్టు ఉండి ఏడు ఆంపియర్లు కారుతోందనుకోండి. ఫ్యూజుకు అది మామూలు లోడుగానే కనిపిస్తుంది, అది కదలదు. పన్నెండు వోల్టులను ఏడుతో గుణిస్తే 84 వాట్లు. రేడియో రిపేరు షాపులో సీసాన్ని కరిగించే సోల్డరింగ్ ఐరన్ ఎక్కువగా 25 వాట్లది. దానికి మూడు రెట్లకు మించిన వేడి గింజంత చోట పుడుతుందన్నమాట. ఆ చోటే ఎలుక పోగేసిన ఎండుటాకులు, గుడ్డ పీలికలు ఉంటాయి. అదే ఎలుక పక్కనున్న పెట్రోలు గొట్టాన్ని కూడా కొరికి ఉంటే ఇక చెప్పేదేముంది. పైగా బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారుకు వెళ్లే లావుపాటి కేబుల్‌కు చాలా కార్లలో ఫ్యూజే ఉండదు. పెట్రోలు వాసన, బానెట్ కింద మూత్రం కంపు, నల్లటి రెట్ట గింజలు, నిన్నటిదాకా లేని వార్నింగ్ లైటు, వీటిలో ఏది కనిపించినా సెల్ఫ్ కొట్టకూడదు.

ఇప్పుడు పాలసీకి వద్దాం. మన దేశంలో కారు ప్యాకేజీ పాలసీల భాష చాలావరకు 2002లో వచ్చిన ఇండియా మోటార్ టారిఫ్ నుంచి దిగిందే. అందులో సొంత బండికి జరిగే నష్టాల జాబితా ఉంటుంది. మంట, పేలుడు, తనంతట తాను అంటుకోవడం, పిడుగు, దొంగతనం, వరద, భూకంపం, అల్లర్లు అంటూ సాగి మధ్యలో "బయటి కారణం వల్ల అనుకోకుండా జరిగిన నష్టం" అన్న అర్థం వచ్చే మాట ఒకటి ఉంటుంది. ఎలుక దూరేది ఆ సందులోనే. ఎలుక బండిలో భాగం కాదు, బయటి నుంచి వచ్చింది. మనం పిలవలేదు, అనుకోలేదు. అందుకే సర్వేయర్ వస్తుందన్నాడు.

మరి ఫోన్లో ఆ అమ్మాయి రాదన్నది ఎక్కణ్నుంచి? అదే కాగితంలో ఇవ్వబోమని చెప్పే పేరా ఉంటుంది. వాడకం వల్ల అరుగుదల, మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్, ఒక నష్టం వెంట వచ్చే పరోక్ష నష్టం అందులో ఉంటాయి. వైరు చెడింది కాబట్టి ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ అని రాసేస్తే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. కాబట్టి గొడవంతా వైరు దానంతటది చెడిందా, పన్ను పడి చెడిందా అన్న దగ్గరే. సాక్ష్యం కావాల్సింది పంటి గాట్లకు. గూడు తీసేయకముందే, వైరు కదపకముందే ఫొటోలు తీయాలి. మార్చిన వైరు ముక్కలను సర్వేయర్ చూసేదాకా షెడ్డులో పారేయనివ్వకూడదు. మా కుర్రాడు మంచి మనసుతో గూడు ఊడ్చేశాడు. అప్పటికే నేను సెల్‌ఫోన్లో రెండు ఫొటోలు తీసి ఉండబట్టి బతికిపోయాను.

డబ్బు లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహా బండి మీద చూద్దాం. విజయవాడలో నాలుగున్నరేళ్ల పెట్రోలు కారు, 1200 సీసీ. వైరింగ్ కిట్ 30 వేలు, పనికూలి 5 వేలు, జీఎస్టీ పక్కన పెడదాం. టారిఫ్ ప్రకారం ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు యాభై శాతం తరుగు కోస్తారు. మిగతా భాగాలకు వయసును బట్టి కోత, నాలుగు దాటి అయిదేళ్ల లోపు బండికి 35 శాతం. వైరింగ్ కిట్‌ను ప్లాస్టిక్ అనాలా, రాగి అనాలా? ప్లాస్టిక్ కింద రాస్తే 15 వేలు పోతుంది, రెండో లెక్కన పదివేల అయిదువందలు. 1500 సీసీ లోపు కారుకు మనం తప్పనిసరిగా భరించాల్సింది మరో వెయ్యి. చేతికొచ్చేది మొదటి లెక్కన 19 వేలు, రెండో లెక్కన ఇరవై మూడు వేల అయిదువందలు. ఏ గీత కింద రాశారని సర్వేయర్‌ను అడగడంలో మొహమాటం అక్కర్లేదు. షోరూములు బంపర్ టు బంపర్ అని అమ్మే జీరో డెప్ ఉంటే 34 వేలూ వస్తాయి.

అలాగని ప్రతిదానికీ క్లెయిమ్ వేయడం తెలివైన పని కాదు. ఈ బండికి నాలుగేళ్లు క్లెయిమ్ లేకపోతే నో క్లెయిమ్ బోనస్ 45 శాతం ఉంటుంది, వచ్చే రెన్యువల్‌కు 50 అవుతుంది. క్లెయిమ్ వేస్తే సున్నాకు పడి, మళ్లీ 20, 25, 35, 45 అంటూ మెట్లెక్కాలి. ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా 8 వేలు అనుకుంటే పోగొట్టుకునే రాయితీ మొదటి ఏడు 4,000, తర్వాత వరసగా 2,400, 2,000, 1,200, 400. మొత్తం పది వేలు. సెన్సర్ వైరు ఒక్కటి కొరికి మూడున్నర వేల బిల్లయితే జేబులోంచి కట్టేసి ఊరుకోవడమే లాభం. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నవాళ్లకు ఈ లెక్కలేవీ వర్తించవు, వాళ్ల సొంత బండికి అందులో పైసా లేదు.

ఇక మంట. ఇక్కడే పాలసీ కాస్త తిరకాసుగా ప్రవర్తిస్తుంది. కొరికిన వైరుకు ఎలుకను రుజువు చేయాలి. బండి కాలితే గూడూ పంటి గాట్లూ అన్నీ బూడిదే, రుజువు చేయడానికి ఏమీ మిగలదు. అయినా చేయనక్కర్లేదు కూడా. మంట, తనంతట తాను అంటుకోవడం అన్నవి జాబితాలో తొలి వరుసలోనే పేరు పెట్టి ఉన్నాయి. షార్ట్ సర్క్యూట్ వల్ల మంట వచ్చినా అది మంటే. బాగుచేయడానికయ్యే ఖర్చు బండి ఐడీవీలో 75 శాతం దాటితే మొత్తం నష్టం కింద లెక్కగడతారు. అగ్నిమాపక శాఖ రిపోర్టు, పోలీసు స్టేషన్‌లో నమోదు అడుగుతారు. కాలిన వైర్ల కొసన రాగి కరిగి పూసలా గట్టిపడి ఉంటే అది కరెంటు వల్ల వచ్చిన వేడికి గుర్తు. సర్వేయర్ల కళ్లు దానికోసమే వెతుకుతాయి.

కంపెనీలు మంట క్లెయిమ్‌ను కాదనేది ఎక్కువగా రెండు దారుల్లో. మొదటిది మనం బయట పెట్టించుకున్న సరంజామా. కంపెనీ వైరింగ్ కోసి హెడ్‌లైట్లు, మ్యూజిక్ సిస్టం కలిపి ఉంటే, లేదా పాలసీలో చూపించని గ్యాస్ కిట్ ఉంటే మంట అక్కణ్నుంచే వచ్చిందంటారు. రెండోది చాలామంది చదవని షరతు. ప్రమాదం గానీ బ్రేక్‌డౌన్ గానీ జరిగాక, బాగుచేయించకుండా బండి నడిపితే ఆపైన పెరిగిన నష్టమంతా యజమానిదే అని పాలసీలో స్పష్టంగా రాసి ఉంటుంది. వైర్లు కొరికాయని మెకానిక్ చెప్పాక నల్ల టేపు చుట్టుకుని "శనివారం చూద్దాంలే" అని హైవే ఎక్కి, దారిలో బండి అంటుకుంటే పాలసీ అడ్డుపడేది ఆ షరతుతోనే. లాక్కెళ్లే ఖర్చుకు భయపడి నడపనక్కర్లేదు. క్లెయిమ్ ఒప్పుకునే నష్టమైతే దగ్గరి షెడ్డుకు చేర్చడానికి కారుకు 1,500 రూపాయల దాకా ప్యాకేజీ పాలసీలోనే ఉంటుంది.

రిపేరు దగ్గర కూడా ఒక మాట. షోరూము మొత్తం కిట్ మార్చాలంటుంది, కంపెనీ అతుకు వేస్తే చాలంటుంది. మామూలు వైర్లకు సోల్డర్ చేసి వేడికి ముడుచుకునే గొట్టం తొడిగిన అతుకు బాగానే నిలుస్తుంది. ఎయిర్‌బ్యాగ్‌కు వెళ్లే పసుపు తొడుగు వైర్లకు మాత్రం అతుకు ఒప్పుకోకండి.

నా క్లెయిమ్ చివరికి వచ్చింది, ప్లాస్టిక్ కింద కోసి. మీకు ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ అని కొట్టేస్తే, ఏ షరతు కింద కొట్టేశారో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. పంటి గాట్ల ఫొటోలు మాత్రం మర్చిపోకుండా జతచేయండి.