కట్ పడగానే ముఖం ఎందుకు చెదురుతుంది?

పాత డీవీడీలో ఒక్కో ఫ్రేము అడ్డంగా 720, నిలువుగా 576 పిక్సెళ్లు. దాన్ని రెండు వైపులా నాలుగింతలు పెంచితే ఒక్క పిక్సెల్ ఉన్నచోట 16 కావాలి. మిగతా 15 ఎక్కడి నుంచి వస్తాయి?

ఫొటో అయితే ఊహించుకోవాల్సిందే. వీడియోకు మాత్రం పక్క ఫ్రేములున్నాయి. కెమెరా పావు పిక్సెల్ జరిగినా చాలు, ఈ ఫ్రేములో రెండు పిక్సెళ్ల మధ్య కలిసిపోయిన చీర అంచు జరీ గీత తర్వాతి ఫ్రేములో కాస్త విడిగా పడుతుంది. సింగపూర్ నాన్యాంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరికొందరితో కలిసి 2021లో ప్రకటించిన బేసిక్‌వీఎస్‌ఆర్ ఈ వివరాలనే పోగేస్తుంది. ఒక ఫ్రేములో దొరికినదాన్ని జ్ఞాపకంగా దాచి, తర్వాతి ఫ్రేముకు అందిస్తుంది. అందించే ముందు ఏ బిందువు ఎటు కదిలిందో లెక్కగట్టి, జ్ఞాపకాన్ని ఆ మేరకు జరుపుతుంది. ఈ పని చివరి నుంచి మొదటికి ఒకసారి, మొదటి నుంచి చివరికి ఒకసారి జరుగుతుంది.

చిక్కంతా ఆ జరపడంలోనే ఉంది. నాయిక ముఖం 100వ ఫ్రేముతో ముగిసి, 101లో నాయకుడి ముఖం వచ్చిందనుకుందాం. రెండింటి మధ్య కదలికే లేదు. అయినా లెక్క ఆగదు, ఏదో ఒక జవాబు చెప్పి తీరుతుంది: ఆమె జుంకా అంచు అతని దవడ మీదికి జరిగిందని! ఇలాంటి నమూనాలకు శిక్షణ ఎక్కువగా కట్‌లు లేని చిన్న తునకలతోనే సాగుతుంది. అందుకే పాత జ్ఞాపకాన్ని ఎప్పుడు పారేయాలో వాటికి గట్టిగా తెలియదు. కొత్త షాట్ మొదటి కొన్ని ఫ్రేముల్లో దవడపై మసక గీతలు కనిపిస్తాయి. వెనక్కి సాగే వరుస కూడా ఉంది కాబట్టి, కట్‌కు ముందున్న ఆమె ముఖానికీ ఆ మరక అంటవచ్చు. మామూలు వేగంలో కన్ను దీన్ని దాటేస్తుంది. ఫ్రేము ఫ్రేముగా జరిపి చూస్తేనే బయటపడుతుంది.

మందు తేలికే. ముందుగా కట్‌లు గుర్తించి, షాట్లను విడగొట్టి, ప్రతి షాట్‌నూ ఖాళీ జ్ఞాపకంతో మొదలుపెట్టాలి. శిక్షణలోనూ నమూనా మొదలయ్యేది అలాగే కాబట్టి అది తడబడదు. ముందుకు మాత్రమే సాగే పద్ధతుల్లో ఇంకో లోపం మిగులుతుంది: షాట్ తొలి ఫ్రేముకు అరువిచ్చేవాళ్లు లేక అది మసగ్గా మొదలై, క్రమంగా తేటపడుతుంది. రెండు వైపులా నడిచేచోట తర్వాతి ఫ్రేములు ఆ లోటు తీరుస్తాయి.

అసలు ఇబ్బంది పెట్టేది డిజాల్వ్. ఒక దృశ్యం కరుగుతూ ఇంకొకటి తేలేటప్పుడు ఒకే బిందువు దగ్గర రెండు కదలికలుంటాయి, విడగొట్టడానికి కచ్చితమైన ఫ్రేము ఉండదు. మెరుపు మెరిసినా, ఫ్లాష్ వెలిగినా గుర్తించే ప్రోగ్రామ్ దాన్ని కట్ అనుకుని ఊరికే గొలుసు తెంపేస్తుంది. పాత సినిమాను పెద్దది చేయించుకునేవారు కట్‌ల జాబితాను ఒకసారి కంటితో సరిచూసుకోవడం మంచిది. డిజాల్వ్ ఉన్న ఫ్రేములను పక్కవాటితో కలపకుండా, విడి బొమ్మలుగా పెంచుకోవాలి.