ఏడు శాతం హైక్‌లో మిగిలేదెంత?

ఏప్రిల్, మే నెలల్లో ఆఫీసుల్లో నడిచే ప్రశ్న ఒకటే: ‘నీకెంత శాతం?’ ఏడంటే ఫరవాలేదు, మూడంటే అన్యాయం అనుకుంటాం. ఆ అంకె పక్కన ధరల అంకె పెట్టి చూసేవాళ్లు తక్కువ. చూసినా ఆ ఒక్క ఏడాదితోనే ఆగిపోతారు. అసలు తేడా అక్కడే వస్తుంది.

హైదరాబాద్‌లో ఒక అకౌంటెంట్ ఉన్నాడనుకుందాం. 2019-20లో చేతికి నెలకు 30,000 వచ్చేది. మరుసటి ఏడాది కరోనా, హైక్ లేదు. ఆ తర్వాత వరుసగా 5, 8, 7, 7 శాతం పెంచారు. 2024-25కి జీతం దాదాపు 38,950 అయింది. ఐదేళ్లలో తొమ్మిది వేలు పెరిగిందంటే బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇదే కాలంలో దేశంలో వినియోగదారుల ధరల సూచీ ప్రకారం ద్రవ్యోల్బణం ఏటా సగటున 6.2, 5.5, 6.7, 5.4, 4.6 శాతం. వీటిని కూడితే సరిపోదు. ఈ ఏడాది పెరుగుదల నిరుడు పెరిగిన ధర మీద పడుతుంది కాబట్టి ఒకదానితో ఒకటి గుణించుకుంటూ పోవాలి. అలా చేస్తే 2019-20లో 100 రూపాయలకు వచ్చిన సరుకు 2024-25లో 132 రూపాయలు. అంటే పాత 30,000తో గడిచిన బతుకే గడవాలన్నా 39,500 పైన కావాలి. మనవాడికి వస్తున్నది 38,950. ఐదొందల పైచిలుకు తక్కువే!

చివరి మూడేళ్లూ అతని హైక్ ధరల కన్నా ఎక్కువే ఉంది. ఆ మూడు లెటర్లు అందుకున్నప్పుడు అతను సంతోషించడంలో తప్పేం లేదు. కానీ హైక్ లేని ఆ ఒక్క ఏడాది ఆరు శాతం పైన లోటు పెట్టి వెళ్లింది. తర్వాతి హైకులన్నీ తగ్గిన ఆ మెట్టు మీద నుంచే లెక్కకొచ్చాయి. ‘ఈసారికి సర్దుకోండి, వచ్చే ఏడాది చూద్దాం’ అని మేనేజర్ అన్నప్పుడు ఒక ఏడాది డబ్బే పోయిందనుకుంటాం. ఆ లోటును ప్రత్యేకంగా పూడ్చకపోతే ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్రతి నెలా పోతూనే ఉంటుంది.

మీ లెక్క మీరే వేసుకోవచ్చు. కేంద్ర గణాంక శాఖ నెలనెలా సూచీ విడుదల చేస్తుంది. పాత జీతాన్ని ఇప్పటి సూచీతో గుణించి, అప్పటి సూచీతో భాగిస్తే ఇప్పుడు కనీసం ఎంత రావాలో తేలుతుంది. రెండు సూచీలూ ఒకే ఆధార సంవత్సరానివై ఉండాలి. జీతం అంటే సీటీసీ కాదు, బ్యాంకులో పడేది.

ఇంతా చేసి, ఆ సూచీ మీ ఇంటిది కాదు, దేశానిది. 2012 ఆధార సంవత్సరంగా ఉన్న సూచీలో తిండి, పానీయాలకే నూటికి దాదాపు 46 వంతులు. చదువుకు నాలుగున్నరే. పిల్లల్ని ప్రైవేటు బడికి పంపే నగర కుటుంబం ఖర్చు ఇలా ఉండదు. 2025 అక్టోబరులో కూరగాయలూ పప్పులూ చవకై ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయింది. ధరలే పెరగలేదని వార్తలు చెబుతుంటే, అద్దె కట్టేవాళ్లకూ ఫీజు కట్టేవాళ్లకూ అది ఎవరి కథో అనిపించింది. వాళ్ల అనుమానంలో నిజముంది.

మళ్లీ మన అకౌంటెంట్ ఇంటికే వద్దాం. చివరి హైక్‌కు ముందు అతని ఖర్చు నెలకు 32,000 అనుకోండి. అద్దె 10,000 ఉండేది 10,800 అయింది. బడి ఫీజు నెలవారీ లెక్కన 5,000 నుంచి 5,600కి పోయింది. మిగతా 17,000 ఖర్చు దేశ సగటున 4.6 శాతమే పెరిగిందనుకున్నా మరో 780. మొత్తం 2,180 పెరిగింది. అంటే అతని ఇంటి ద్రవ్యోల్బణం 6.8 శాతం. హైక్ ఏడు. పేపర్లో చూస్తే రెండు శాతం పైన లాభపడ్డాడు, ఇంట్లో చూస్తే ఉన్నచోటే ఉన్నాడు.

ప్రభుత్వ ఉద్యోగికి ధరలకు డీఏ, అనుభవానికి ఇంక్రిమెంటు వేర్వేరుగా వస్తాయి కాబట్టి ఏది దేనికో కనిపిస్తుంది. ప్రైవేటులో రెండూ ఒకే శాతంలో కలిసిపోతాయి. మన అకౌంటెంట్ ఐదేళ్ల కింద వోచర్లు ఎంటర్ చేసేవాడు, ఇప్పుడు జీఎస్టీ రిటర్నులు తానే చూస్తున్నాడు, ఇద్దరు జూనియర్లకు పని నేర్పుతున్నాడు అనుకోండి. ధరలు తీసేసి చూస్తే అతని జీతం అప్పటి 30,000 కూడా కాదు, 29,550. అప్రైజల్‌కు కూర్చునేటప్పుడు నిరుటి లెటర్ కాదు, ఈ అంకె పట్టుకెళ్లాలి. అదే అనుభవంతో బయట నుంచి వచ్చేవాళ్లకు కంపెనీ ఇప్పుడు ఎంత ఇస్తోందో కూడా కనుక్కుని వెళ్లాలి.