హార్డ్ డిస్కు ఆలస్యమంతా ఎదురుచూపులోనే

పాత కంప్యూటరు ఆన్ చేశాక తెర మీద బొమ్మలన్నీ వచ్చేస్తాయి గానీ, ఏది నొక్కినా తెరుచుకోదు. అప్పుడు టాస్క్ మేనేజర్ చూడండి. డిస్కు వాడకం 100 శాతం అని ఉంటుంది, వేగం మాత్రం చాలాసార్లు సెకనుకు ఒకటి రెండు ఎంబీలు దాటదు. క్షణం తీరిక లేని డిస్కు అంత తక్కువ చదువుతోందేం?

హార్డ్ డిస్కులో అల్యూమినియంతోనో గాజుతోనో చేసిన గుండ్రటి పళ్లేలుంటాయి. వీటినే ప్లాటర్లంటారు. వాటి మీద అతి పలుచని అయస్కాంత పూత ఉంటుంది. ఆ పూతలో ఒక్కో చుక్కంత చోట అయస్కాంత దిశ ఎటు తిరిగి ఉందన్న తేడాలతోనే మన ఫొటోలు, పాటలు అన్నీ నమోదవుతాయి. ఆ దిశను మార్చేదీ, చదివేదీ ఒక కడ్డీ చివర ఉండే హెడ్. అది పళ్లేన్ని తాకదు, కొన్ని నానోమీటర్ల ఎత్తున గాలి పొర మీద తేలుతుంది. సన్నటి దుమ్ము కణం కూడా ఆ సందుకంటే పెద్దదే. అందుకే డిస్కు మూత ఇంట్లో విప్పకూడదు.

పళ్లెం మీద ఒకే కేంద్రం చుట్టూ వేలకొద్దీ వలయాలుంటాయి. ఏదైనా ముక్క కావాలంటే ముందు హెడ్ ఆ వలయం దగ్గరికి జరగాలి. దానికి సగటున 9 మిల్లీసెకన్లు పడుతుంది. తర్వాత ఆ ముక్క తిరుగుతూ హెడ్ కిందికి వచ్చేదాకా ఆగాలి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్లేనికి ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు, సగటున అందులో సగం. మొత్తం 13 మిల్లీసెకన్లనుకుందాం.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక్కోటి 4 కేబీ ఉన్న 4,000 చిన్న ఫైళ్లు పళ్లెమంతా చెల్లాచెదురుగా ఉన్నాయి. అన్నీ కలిపితే 16 ఎంబీలే. ఒక్కోదానికి 13 మిల్లీసెకన్ల చొప్పున 52 సెకన్లు. అదే 16 ఎంబీలు ఒకే వరుసలో ఉంటే, సెకనుకు 160 ఎంబీలు చదవగల డిస్కుకు సెకనులో పదో వంతు చాలు! అంటే చదవడం నెమ్మది కాదు, వెతుక్కుంటూ వెళ్లడమే నెమ్మది. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు వేల చిన్న ఫైళ్లు అడుగుతుంది కాబట్టే అంత ఆలస్యం.

ఫ్లాష్‌తో పనిచేసే ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏమీ లేదు. సమాచారం చిప్‌లోని గదుల్లో విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది, ఏ గదినైనా విద్యుత్ సంకేతంతోనే చేరుకోవచ్చు. ఒక్కో ముక్కకు సుమారు 0.1 మిల్లీసెకను అనుకున్నా ఆ 4,000 ఫైళ్లూ అర సెకను లోపే వచ్చేస్తాయి. చవక పెన్‌డ్రైవ్ నుంచి మాత్రం ఇంత వేగం ఆశించకండి.

కాబట్టి విండోస్, రోజూ వాడే ప్రోగ్రాములు ఎస్‌ఎస్‌డీలో పెట్టుకోండి. సినిమాలు, పెళ్లి వీడియోల వంటి పెద్ద ఫైళ్లకు హార్డ్ డిస్కు ఇప్పటికీ చవకైన, సరైన చోటు. అది ఎప్పుడైనా టక్ టక్‌మని ఆగకుండా చప్పుడు చేస్తే మాత్రం మిగతా పనులు మానేసి, ముఖ్యమైన ఫైళ్లు వెంటనే వేరేచోటికి కాపీ చేసుకోండి.