ఏస్ నిరోధకాల వల్ల వచ్చే దగ్గు

రక్తపు పోటు తగ్గించడానికి విరివిగా వాడే ఏస్ నిరోధకాలు అనే మాత్రల వల్ల కొందరికి కళ్లె పడని పొడి దగ్గు వస్తుంది. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ ఈ వర్గానికి చెందిన మందులు. వీటి పేర్లన్నీ "ప్రిల్" అనే అక్షరాలతో ముగుస్తాయి. ఈ మాత్రలు వాడేవారిలో సుమారు నూటికి 5 నుండి 20 మందికి ఈ దగ్గు వస్తుందని అంచనా. పురుషులలో కంటే స్త్రీలలోనూ, చైనా మొదలైన తూర్పు ఆసియా దేశాల సంతతివారిలోనూ ఇది ఎక్కువ. దీనివల్ల ఊపిరితిత్తులు దెబ్బతినవు. కానీ కారణం తెలియక నెలల తరబడి దగ్గు మందులు వాడేవారు, విసిగిపోయి రక్తపు పోటు మాత్రను తమంతట తామే మానివేసేవారు ఉన్నారు. ఈ రెండవ పొరపాటు వలన పక్షవాతం, గుండెపోటు వచ్చే ముప్పు పెరుగుతుంది.

లక్షణాలు

గొంతులో ఈకతో గీరినట్లు గిలిగా ఉండి, ఆ వెంటనే దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. కళ్లె, జ్వరం, ఆయాసం ఉండవు. పడుకున్నప్పుడు, రాత్రివేళ ఎక్కువై నిద్ర చెడగొడుతుంది. దగ్గీ దగ్గీ ప్రక్కటెముకలు నొప్పి పుట్టడం, కొందరు స్త్రీలలో దగ్గినప్పుడు మూత్రం చుక్కలుగా జారడం కూడా జరుగుతాయి. సిగ్గు వలన ఈ రెండవ విషయాన్ని చాలామంది వైద్యునికి చెప్పరు.

మాత్ర మొదలుపెట్టిన కొద్ది గంటలలోనే దగ్గు రావచ్చు, కొన్ని నెలల తరువాత కూడా రావచ్చు. మొదటి కొన్ని వారాలలో రావడం సాధారణం. ఎంతోకాలం సుఖంగా వాడిన తరువాత దగ్గు మొదలైనప్పుడు మాత్ర మీద ఎవరికీ అనుమానం రాదు. రోగ నిర్ధారణ ఆలస్యం కావడానికి ఇది ముఖ్య కారణం.

కారణం

శరీరంలో ఏస్ అనే ఎంజైము రెండు పనులు చేస్తుంది. మొదటిది, రక్తనాళాలను బిగించే ఏంజియోటెన్సిన్-2 అనే పదార్థాన్ని తయారుచేయడం. రెండవది, బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని విచ్ఛిన్నం చేయడం. మాత్ర ఈ ఎంజైమును అడ్డుకున్నప్పుడు మొదటి పని తగ్గి రక్తపు పోటు దిగుతుంది. రెండవ పని కూడా తగ్గుతుంది కనుక బ్రాడీకైనిన్ శ్వాసనాళాలలో పేరుకుంటుంది. అది అక్కడి నాడీ తంతువులను అతి సున్నితంగా మారుస్తుంది. మామూలుగా గమనానికే రాని చల్లగాలి, నవ్వు, మాటలు కూడా అప్పుడు దగ్గు పుట్టిస్తాయి.

ఈ మందుల చరిత్ర కూడా బ్రాడీకైనిన్‌తోనే మొదలైంది. జరరాకా అనే బ్రెజిల్ పాము విషంలో బ్రాడీకైనిన్ ప్రభావాన్ని పెంచే పదార్థం ఉన్నదని సెర్జియో ఫెరీరా 1965లో ప్రకటించాడు. ఆ దారిలో సాగిన పరిశోధనల ఫలితంగా తయారైన కాప్టోప్రిల్ అమెరికాలో 1981లో అనుమతి పొందింది.

దగ్గు ఎంజైమును అడ్డుకోవడం వలన వచ్చేది కనుక, మోతాదు తగ్గించినా సాధారణంగా పోదు. ఒక ప్రిల్ మాని మరొక ప్రిల్ వాడినా మళ్లీ వస్తుంది.

నిర్ధారణ

ఈ దగ్గును పట్టి ఇచ్చే రక్త పరీక్ష గానీ, ఎక్స్-రే గానీ లేదు. మాత్ర మానిన తరువాత దగ్గు తగ్గడమే రుజువు. సాధారణంగా 1 నుండి 4 వారాలలో తగ్గుతుంది. కొందరిలో 3 నెలల వరకు పట్టవచ్చు. రెండు రోజులు మాని, తగ్గలేదని మాత్రను నిర్దోషిగా తేల్చడం సరికాదు.

ముందుగా వైద్యుడు రోగి వాడుతున్న మాత్రల అట్టలన్నీ తెప్పించి చూస్తాడు. అట్టపై కంపెనీ పెట్టిన పేరు, అసలు మందు పేరు రెండూ ఉంటాయి. రెండు మందులు కలిపిన మాత్రలలో ప్రిల్ ఉన్న సంగతి రోగికి తెలియకపోవచ్చు.

మాత్ర వాడుతున్నంత మాత్రాన దగ్గుకు అదే కారణమని అనుకోరాదు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే భారతదేశంలో క్షయ ఉన్నదేమో చూడాలి. సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం ఉంటే ఇది మరింత అవసరం. పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు ఉంటే గుండె బలహీనత వలన ఊపిరితిత్తులలో నీరు చేరి దగ్గు వస్తూండవచ్చు. పిల్లికూతలు ఉబ్బసాన్ని, పుల్లని త్రేన్పులు ఆమ్లం పైకి ఎగదన్నడాన్ని సూచిస్తాయి.

ఒక ఉదాహరణ

52 ఏళ్ల గృహిణికి రక్తపు పోటు 158/96 ఉండగా, రామిప్రిల్ 5 మి.గ్రా., హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మి.గ్రా. కలిపిన మాత్రను వైద్యుడు రోజుకొకటి ఇచ్చాడనుకుందాం. పోటు 132/82కు దిగింది. మూడవ వారంలో గొంతులో గిలి, దగ్గు మొదలయ్యాయి. ఆమె రెండు రకాల దగ్గు మందులు, ఒక విడత యాంటీబయాటిక్, ఎలర్జీ మాత్రలు వాడినా గుణం కనిపించలేదు.

మూడవ నెలలో మరొక వైద్యుడు అట్ట చూసి రామిప్రిల్‌ను గుర్తించాడు. జ్వరం, బరువు తగ్గడం, ఆయాసం లేవు. ఊపిరితిత్తుల చప్పుడు, ఛాతీ ఎక్స్-రే మామూలుగా ఉన్నాయి. అతడు పాత మాత్ర ఆపి, మరునాటి నుండి టెల్మిసార్టాన్ 40 మి.గ్రా., హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మి.గ్రా. కలిసిన మాత్ర వ్రాశాడు. ఒక్కరోజు కూడా మందు లేకుండా ఉంచలేదు. రెండు వారాల తరువాత రక్తంలో క్రియాటినిన్, పొటాషియం చూపించుకోమన్నాడు. అవి సరిగా ఉన్నాయి. పదవ రోజుకు రాత్రి దగ్గు తగ్గింది, నాలుగవ వారానికి పూర్తిగా పోయింది, పోటు 130/80 వద్ద నిలిచింది. నాలుగు వారాలకు ఏమాత్రం తగ్గకపోయి ఉంటే, ఇతర కారణాల కోసం పరీక్షలు కొనసాగించవలసి వచ్చేది.

ప్రత్యామ్నాయ మందులు

సార్టాన్ వర్గపు మందులు (లోసార్టాన్, టెల్మిసార్టాన్) ఎంజైమును కాక, ఏంజియోటెన్సిన్-2 పనిచేసే చోటును అడ్డుకుంటాయి. అందువలన బ్రాడీకైనిన్ అలా పేరుకోదు. 2008లో వెలువడిన ఆన్‌టార్గెట్ అధ్యయనంలో దగ్గు వలన మందు మానినవారు రామిప్రిల్ వాడినవారిలో 4.2 శాతం కాగా, టెల్మిసార్టాన్ వాడినవారిలో 1.1 శాతం. మధుమేహంతో మూత్రంలో ప్రోటీను పోతున్నవారికి, గుండె బలహీనత ఉన్నవారికి మొదటి మాత్ర ఇచ్చిన ప్రయోజనం నిలవాలంటే సార్టాన్ మేలైన ఎంపిక. కేవలం రక్తపు పోటు మాత్రమే ఉన్నవారికి ఆమ్లోడిపిన్ కూడా ఇవ్వవచ్చు. ప్రిల్, సార్టాన్ రెండింటినీ కలిపి వాడరాదు. గర్భిణులకు ఈ రెండు వర్గాలూ పనికిరావు.

జాగ్రత్తలు

పెదవులు, నాలుక, ముఖం ఉబ్బినా, మింగడం లేదా ఊపిరి తీయడం కష్టమైనా అది దగ్గు కాదు, ఏంజియోఎడిమా అనే ప్రమాదకరమైన వాపు. అప్పుడు మాత్ర వెంటనే మాని ఆసుపత్రికి వెళ్లాలి, తిరిగి ఏ ప్రిల్‌నూ వాడరాదు. దగ్గు మాత్రమే ఉన్నప్పుడు వైద్యుడు వేరే మందు వ్రాసేవరకు మాత్ర మానకుండా ఉండడం మంచిది. దగ్గు తగ్గిన తరువాత ఏ మందు పడలేదో రోగి చీటీలో వ్రాయించుకోవాలి. లేనిచో మరొక ఊరిలో మరొక వైద్యుడు వేరే పేరుతో ఉన్న ప్రిల్ వ్రాసినప్పుడు అదే దగ్గు తిరిగి మొదలవుతుంది.