లీజు లెక్కలో ఆస్తి, అప్పు, నెలనెలా ఖర్చు

మన దేశంలో ఇండ్ ఏఎస్ 116 ప్రమాణం 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు చాలా కంపెనీలు దుకాణం, ఆఫీసుల అద్దెను చెల్లించిన నెల ఖర్చుగా రాసుకుని ఊరుకునేవి. ఇప్పుడు ఈ ప్రమాణం వర్తించే కంపెనీ లీజు మొదలైన రోజే రెండు పద్దులు రాయాలి. ఆ స్థలాన్ని వాడుకునే హక్కు ఆస్తి అవుతుంది, ఇకముందు కట్టాల్సిన అద్దె అప్పు అవుతుంది. పన్నెండు నెలలకు మించని లీజులకు, తక్కువ విలువ వస్తువుల లీజులకు కంపెనీ కోరుకుంటే మినహాయింపు ఉంది.

ఒక షోరూమును మూడేళ్లకు తీసుకున్నారనుకుందాం. అద్దె నెలకు లక్ష రూపాయలు, ప్రతి నెలాఖరున చెల్లించాలి. కంపెనీకి అప్పు పుట్టే వడ్డీ నెలకు 1 శాతం. 36 నెలల్లో కట్టేది 36 లక్షలే అయినా, ఆ వడ్డీ తీసేస్తే దాని నేటి విలువ 30,10,750 రూపాయలు. అద్దె, గడువు, వడ్డీ రేటు, చెల్లింపు తేదీ నమోదు చేస్తే ఈఆర్‌పీ ఈ విలువ కట్టి, 36 నెలల పట్టికను తయారుచేస్తుంది. మొదటి ఎంట్రీలో ఆస్తి ఖాతాకు డెబిట్, లీజు అప్పు ఖాతాకు క్రెడిట్ పడతాయి.

మొదటి నెలాఖరున అప్పుపై 1 శాతం, అంటే 30,108 రూపాయలు వడ్డీ ఖర్చుగా పడి అప్పుకు కలుస్తుంది. కట్టిన లక్ష అప్పులోంచి తగ్గుతుంది. మిగిలేది 29,40,858. ఆస్తిని 36 భాగాలు చేస్తే నెలకు తరుగుదల 83,632. అంటే మొదటి నెల ఖర్చు 1,13,740 రూపాయలు. అప్పు కరిగే కొద్దీ వడ్డీ తగ్గుతుంది కాబట్టి చివరి నెల ఖర్చు 84,622కే దిగుతుంది. మూడేళ్ల మొత్తం మాత్రం 36 లక్షలే. మారేది ఏ నెలకు ఎంత ఖర్చు పడుతుందన్నదే.

ఎక్కువగా పొరపాటు జరిగేది చెల్లింపు దగ్గర. యజమాని బిల్లు రాగానే గుమస్తా పాత అలవాటుకొద్దీ దాన్ని అద్దె ఖర్చు ఖాతాలో వేస్తాడు. వడ్డీ, తరుగుదల మాత్రం ఈఆర్‌పీ తన పట్టిక ప్రకారం వేసేస్తుంది. దాంతో ఒకే షోరూముకు ఖర్చు రెండుసార్లు పడుతుంది. అప్పు తగ్గాల్సింది పోయి 30,40,858కి పెరుగుతుంది. నెలాఖరున లెడ్జరు నిల్వను పట్టికతో పోల్చితే సరిగ్గా లక్ష తేడా కనిపిస్తుంది. సరిదిద్దడానికి ఆ లక్షను అద్దె ఖర్చు నుంచి లీజు అప్పు ఖాతాకు మార్చాలి. ఇకపై వచ్చే బిల్లులు నేరుగా అప్పు ఖాతాకే చేరేలా ఒప్పందంతో ముడిపెట్టాలి.

మధ్యలో గడువు పొడిగించినా, అద్దె మార్చుకున్నా పాత పట్టిక చెల్లదు. మిగిలిన చెల్లింపుల విలువను కొత్త రేటుతో మళ్లీ కట్టి, వచ్చిన తేడాను అప్పుకూ ఆస్తికీ సమానంగా సర్దాలి.